పిల్లల పొడవు కొలిచే శిక్షణకు రెండు రోజుల పట్టిక

పద్దెనిమిది నెలల మగపిల్లాడి పొడవు 76.9 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం వాడు వయసుకు తగ్గ ఎదుగుదల లేని పిల్లాడి కింద లెక్క. అసలు పొడవు 76.5 ఉన్నవాణ్ణి అంగన్‌వాడీ టీచర్ 77.2 అని రాసిందనుకోండి. ఏడు మిల్లీమీటర్ల తేడాతో వాడు జాబితాలోంచి జారిపోతాడు. కొలత నేర్పే శిక్షణ గట్టిగా సాగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆ శిక్షణ బాగా జరిగేదీ చెడేదీ చాలావరకు ముందురోజు వేసే కార్యక్రమ పట్టికలోనే తేలిపోతుంది.

ఇరవై నాలుగు మంది టీచర్లకు రెండు రోజుల శిక్షణ పెడుతున్నామనుకుందాం. పట్టికను ఉదయం తొమ్మిదిన్నర నుంచి మొదలుపెట్టి కిందికి రాసుకుంటూ పోతే ప్రారంభోత్సవం, అతిథుల మాటలు నిండిపోయి, చేతిపనికి మిగిలేది మధ్యాహ్నం నిద్రవేళే. అందుకే ముందు రాయాల్సింది పిల్లల్ని నిజంగా కొలిచే గంట. దాని చుట్టూ మిగతావి అమర్చాలి.

రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. ఇన్‌ఫాంటోమీటర్ దగ్గర ఇద్దరుండాలి, ఒకరు తల పట్టడానికి, ఒకరు మోకాళ్లు నిలిపి పాదాల పలక జరపడానికి. నాలుగు బల్లలుంటే బల్లకు ఆరుగురు టీచర్లు, ముగ్గురు పిల్లలు. ఒక్కో టీచర్ ఇద్దరు పిల్లల్ని తన చేతులతో కొలవాలంటే బల్లకు పన్నెండు కొలతలు. కొలతకు అయిదు నిమిషాలు వేసుకున్నా గంట. ఏడుపులకూ పాలకూ మరో అరగంట. మొత్తం గంటన్నర, అదీ రెండో రోజు ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. ఆ తర్వాత పిల్లలకు ఆకలీ నిద్రా ముంచుకొస్తాయి. భోజనం అయ్యాక పెడితే కొలతలు కాదు, కన్నీళ్లే మిగులుతాయి.

ఇక మొదటి రోజంతా దీనికి సన్నాహమే. పదింటికి పావుగంట పరిచయం. పదిం పావు నుంచి గంటసేపు చేసి చూపించడం. టీ తర్వాత పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా బొమ్మలతో సాధన. రెండింటికి వయసు లెక్కకట్టడం, గ్రోత్ చార్టులో చుక్క పెట్టడం. పుట్టిన తేదీ తప్పైతే కొలత ఎంత సరిగ్గా తీసినా చుక్క తప్పుచోటే పడుతుంది. కాబట్టి దీనికి టీ దాకా ఉన్న గంటంపావూ ఇచ్చేయాలి.

పిల్లల డాక్టర్‌ను వక్తగా పిలుస్తాం. 'పౌష్టికాహార లోపం' అని పెద్ద అంశం ఇస్తే ఆయన గంట మాట్లాడతారు. ఒక్క ప్రశ్న ఇవ్వండి: పడుకోబెట్టాల్సిన బిడ్డను నిలబెట్టి కొలిస్తే ఏమవుతుంది? నిలబడితే పొడవు తక్కువ వస్తుంది కనుక 0.7 సెంటీమీటర్లు కలపాలన్నది ఇరవై నిమిషాల్లో అందరికీ తెలిసిపోతుంది. అధికారులు ఆలస్యంగా వస్తే వారి కోసం ఆగకుండా, భోజనానికి ముందు పది నిమిషాలు ఇవ్వడం మేలు.

నా దృష్టిలో అసలు పత్రం అతిథులకు పంచేది కాదు, ఫెసిలిటేటర్ చేతిలో ఉండేది. అందులో కొలతల గంట ఎదురుగా ఇలా రాసుండాలి: 'జడపిన్నులు, బూట్లు తీయించండి. మోకాలు వంగిందా, తల పలకకు తగిలిందా చూడండి. అంకెను పక్క నుంచి కాదు, ఎదురుగా చూసి చదవమనండి. ఒకరి అంకె ఇంకొకరికి చూపనివ్వొద్దు. పిల్ల బెదిరి ఏడిస్తే ఆపి తల్లికివ్వండి, మరో పిల్లను తీసుకోండి.'

అంకెలు దాచడం ఎందుకో పదకొండుంపావు తర్వాత తెలుస్తుంది. ఒకే బిడ్డను కొలిచిన టీచర్ల కాగితాలు పక్కపక్కన పెట్టి, తేడా ఏడు మిల్లీమీటర్లు దాటితే మళ్లీ కొలిపిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఎదుగుదల అధ్యయనంలో ఇద్దరు కొలిచేవారి మధ్య పొడవుకు అనుమతించిన గరిష్ఠ తేడా అదే. బరువుకు నూరు గ్రాములు. ముందే అంకె వింటే రెండో టీచర్ చేయి తెలియకుండానే అటే జరుగుతుంది, తప్పు బయటపడదు. మళ్లీ కొలవాలంటే బిడ్డ ఉండాలిగా. అందుకే తల్లుల్ని పన్నెండున్నర దాకా ఉండమని ముందే అడగాలి, వాళ్లకూ పిల్లలకూ భోజనం పెట్టాలి.

ఇంత చేసినా ఏదో ఒకటి ఆలస్యమవుతుంది. అప్పుడు చాలామంది చివరనున్న సాధనను కోసేస్తారు, ఉపన్యాసాన్ని మాత్రం ఉంచుతారు. రెండో రోజు మధ్యాహ్నం తల్లితో ఎలా మాట్లాడాలో నటించి చూపే గంట అలాగే ఎగిరిపోతుంది. ఊళ్లకు వెళ్లే బస్సుల కోసం నాలుగింటికి ముగించాలి కనుక ఆ గంట తిరిగి రాదు. ఈ శిక్షణకు పట్టిక వేసేవారు దాన్ని అచ్చుకు పంపేముందు ఫెసిలిటేటర్ కాగితం మీద ఒక వరుస తప్పకుండా చేర్చాలి: సమయం చాలకపోతే ముందుగా వదిలేది డాక్టర్ గారి ఉపన్యాసం, ఎప్పటికీ వదలనిది పిల్లల కొలత.