కారు కొత్తదా, పాతదా? నాలుగేళ్ల లెక్క

కారు కొనదలచిన కుటుంబం కొనే ధరతోపాటు నాలుగేళ్ల తరువాత దానిని అమ్మితే చేతికి వచ్చేదెంతో కూడా చూడాలి. సికింద్రాబాద్‌లో నగదుతో కొనే ఏడు లక్షల కారును ఉదాహరణగా తీసుకుని మేము ఈ లెక్క వేశాము. ఇంధనం రెండింటికీ సమానమే కనుక దానిని విడిచిపెట్టాము.

ఈ ధర గల కారుకు తెలంగాణలో జీవితకాల పన్ను 14 శాతం, అంటే 98,000 రూపాయలు. ఈ భారం మొదటి యజమానిదే. బీమా సంస్థలు అనుసరించే పట్టిక ప్రకారం నాలుగేళ్లు నిండేసరికి కారు విలువ 40 శాతం తరుగుతుంది. ఆ నష్టం 2,80,000. బీమాకు 90,000, నిర్వహణకు 40,000 వేసుకుంటే మొత్తం వ్యయం 5,08,000 అవుతుంది.

అదే కారును నాలుగేళ్ల వయసులో 4,20,000కు కొని, మరో నాలుగేళ్లు నడిపి 2,20,000కు అమ్మితే తరుగు రెండు లక్షలే. బీమా 50,000 అనుకుందాం. టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చవలసి వస్తుంది గనుక నిర్వహణకు 1,20,000 ఉంచాలి. మొత్తం 3,70,000. అంటే పాత కారుతో మిగిలేది 1,38,000.

అయితే ఇంజిన్ చెడితే ఈ మిగులంతా దానికే పోవచ్చు. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు నీట మునిగాయి. అందుకే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. లోపలి భాగంలో బురద మరక గానీ, సీటు పట్టాలపై తుప్పు గానీ కనిపిస్తే ఆ కారు మనకు వద్దు. సర్వీసు రికార్డు లేని కారు విషయంలోనూ జాగ్రత్త అవసరం.

అమ్మేవారికీ ఒక బాధ్యత ఉంది: వస్తువులోని లోపాన్ని దాచి అమ్మడం ధర్మసమ్మతం కాదు.