ఇరవై రోజుల గీత దాటిన ధర నిలబడుతుందా?

షికాగోలో సరుకుల ఫ్యూచర్స్ వ్యాపారంలో కోట్లు గడించిన రిచర్డ్ డెనిస్‌కు, ఆయన మిత్రుడు విలియం ఎకార్ట్‌కు ఒక వాదన నడిచేది. ట్రేడింగ్ నేర్పితే వస్తుందా, పుట్టుకతోనే రావాలా? అది తేల్చుకోవడానికి 1983 చివర్లో పత్రికల్లో ప్రకటనలిచ్చి కొత్తవాళ్లను చేర్చుకున్నారు. రెండు వారాలు పాఠం చెప్పి, డెనిస్ సొమ్మునే వాళ్ల చేతిలో పెట్టారు. ‘టర్టిల్స్’ అని పేరుపడ్డ ఆ శిష్యులకు నేర్పిన నియమాల్లో ఒకటి చాలా సరళం: గత 20 రోజుల్లో తాకిన గరిష్ఠ ధరను దాటగానే కొనాలి. అంతకు చాలా ముందే రిచర్డ్ డాన్షియన్ చెప్పిన నాలుగు వారాల నియమమే దీనికి మూలం.

ఈ పద్ధతికే బ్రేకౌట్ అని పేరు. ధర ఆ గీత దాటిందంటే, గత 20 రోజుల్లో కొని అట్టేపెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ క్షణానికి లాభంలో ఉన్నట్టే. కొన్న ధర వస్తే చాలు, అమ్మేసి బయటపడదామని కాచుకున్నవాళ్లు ఆ కాలంలో కొన్నవారిలో ఇక మిగలరు.

చిక్కల్లా ఆ గీత అందరికీ కనిపించడమే. అక్కడ కొనుగోలు ఆర్డర్లు గుంపుగా ఉంటాయి. ధర అక్కడిదాకా వెళ్లి, ఆ ఆర్డర్లు తీరిపోగానే వెనక్కి జారితే, కొన్నవాళ్లు ఇరుక్కుపోతారు. ఇలా విఫలమైన బ్రేకౌట్‌కు ఎదురుగా ట్రేడ్ చేసే ఒక పద్ధతిని లారీ కానర్స్, లిండా రాష్కీ 1995లో తమ పుస్తకంలో వివరించారు. దానికి పెట్టిన పేరు ‘టర్టిల్ సూప్’. తాబేళ్లకు అంతకన్నా కొంటె సమాధానం ఉండదు!

మరి నిజమైన దాటుడేదో ఎలా తెలుస్తుంది? ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక షేరు 20 రోజుల గరిష్ఠం 482 రూపాయలు, రోజువారీ సగటు వాల్యూమ్ 4 లక్షల షేర్లు. సోమవారం పదిగంటలకు ధర 486 తాకింది. సాయంత్రం 479 దగ్గర ముగిసింది, చేతులు మారినవి 3.5 లక్షలే. గీత దాటిందే గానీ నిలవలేదు, జనమూ రాలేదు. ఇప్పుడు గీత 486కు జరిగింది. గురువారం ధర 491 దగ్గర ముగిసింది, వాల్యూమ్ 9 లక్షలు. ముగింపు ధర గీతకు పైన ఉండాలి, వాల్యూమ్ సగటుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి అనే రెండు షరతులు పెట్టుకున్నవారు సోమవారం ఊరుకుని, గురువారం తర్వాత కొంటారు.

వాల్యూమ్ షరతు టర్టిల్స్ ప్రవేశ నియమాల్లో లేదు. షేర్ల విషయంలో దీన్ని గట్టిగా చెప్పినవారు విలియం ఒనీల్. సగటు కన్నా 40-50 శాతం ఎక్కువ ఉండాలన్నది ఆయన కొలత.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఉదయం పదింటి వాల్యూమ్‌ను పూర్తి రోజు సగటుతో పోల్చకూడదు. గరిష్ఠం లెక్కలో ఇవాళ్టి ధరను కలపకూడదు. కలిపితే ధర ఎప్పటికీ గీత దాటదు. 1:1 బోనస్ తర్వాత పాత ధరలను సగానికి సవరించకపోతే గీత ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. ఒక పెద్ద బల్క్ డీల్ వల్ల ఉబ్బిన వాల్యూమ్‌నూ గిరాకీ అనుకోకూడదు. ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే డెలివరీ శాతాన్ని కూడా చూస్తే, వచ్చినవారిలో ఎంతమంది షేర్లు ఇంటికి పట్టుకెళ్లారో కొంత అంచనా దొరుకుతుంది.

శుక్రవారం 490కి కొన్నారనుకుందాం. షేరు రోజువారీ ఊగిసలాట సగటున 9 రూపాయలు. టర్టిల్స్ దానికి రెండు రెట్ల దూరంలో స్టాప్‌లాస్ పెట్టేవారు. ఇక్కడ అది 472. రెండు లక్షల పెట్టుబడిలో ఒక ట్రేడ్‌కు 2,000 రూపాయలకు మించి పోకూడదనుకుంటే, షేరుకు 18 రూపాయల నష్టం చొప్పున 111 షేర్లే కొనాలి. మార్కెట్ రాత్రికి రాత్రి పడి 472 కన్నా కిందనే తెరుచుకుంటే మాత్రం ఈ లెక్క నిలవదు. పెరుగుతూ పోతే పది రోజుల కనిష్ఠం కిందికి జారినప్పుడు బయటపడాలి.

ప్రతి వడపోతకూ ఒక ధర చెల్లించాలి. ముగింపు దాకా ఆగినవారికి, గీత దగ్గరే కొన్నవారికి దక్కిన తొలి అడుగు దక్కదు. టర్టిల్స్ వడపోత మరీ విచిత్రం: కిందటి 20 రోజుల బ్రేకౌట్ లాభంతో ముగిసి ఉంటే, ఈసారి వచ్చినదాన్ని వదిలేయాలి. అలా వదిలేసిందే ఒక్కోసారి ఆ ఏడాది పెద్ద పరుగు కావచ్చు. అందుకే వాళ్లకు రెండో గీత కూడా ఇచ్చారు. ధర 55 రోజుల గరిష్ఠాన్ని దాటితే, ముందు సంగతి ఏమైనా సరే, కొనాల్సిందే.