నొప్పి లేని గడ్డ: కత్తి కన్నా ముందు సూది

గడ్డం గీసుకుంటుంటే దవడ కింద ఏదో గుండ్రంగా చేతికి తగులుతుంది. నొక్కినా నొప్పి ఉండదు, జ్వరమూ రాదు. ‘నొప్పి లేదు కదా, అదే పోతుందిలే’ అనుకుంటూ ఉండగానే రెండు నెలలు గడిచిపోతాయి. నలభై దాటి, ఏళ్ల తరబడి బీడీయో చుట్టో సిగరెట్టో కాలుస్తున్న మనిషి విషయంలో ఈ లెక్క తలకిందులు. పన్ను పుచ్చి చీము పట్టినా, గొంతు నొప్పి చేసినా మెడలో బిళ్ళ కడుతుంది. అది రెండు మూడు రోజుల్లోనే ఉబ్బుతుంది, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది, అసలు కారణం తగ్గాక తనూ తగ్గుతుంది. నొప్పి లేకుండా, గట్టిగా, మెల్లగా పెరుగుతూ, రెండు వారాలు దాటినా కరగని గడ్డ దారి వేరు. పొగ తాగేవారి మెడలో అలాంటిది కనిపిస్తే, కాదని తేలేదాకా క్యాన్సర్‌గానే అనుమానించి వెతకాలన్నది చెవి ముక్కు గొంతు వైద్యులు పాటించే నియమం.

ఇక్కడ మొదట అర్థం చేసుకోవలసింది ఒకటుంది. గడ్డ మెడలో ఉన్నా, జబ్బు పుట్టిన చోటు చాలాసార్లు మెడ కాదు. మెడలోని లింఫ్ గ్రంథులు నోరు, గొంతు, స్వరపేటికల నుంచి వచ్చే ద్రవాన్ని వడకట్టే జల్లెళ్ల లాంటివి. పొగ రోజూ తగిలే పొరల్లో ఎక్కడో చిన్న పుండుగా క్యాన్సర్ మొదలైతే, దాని కణాలు ఆ ద్రవంతో కొట్టుకొచ్చి గ్రంథిలో చిక్కుకుని అక్కడ పెరుగుతాయి. నాలుక మొదలు, టాన్సిల్ లోపలి ముడతలు, స్వరపేటికకు పక్కన మింగే దారిలో ఉండే చిన్న గుంట, ఇవి అద్దంలో మనకు కనిపించవు. అక్కడి పుండు మొదట్లో నొప్పి కూడా పెట్టకపోవచ్చు. అందుకే రోగికి తెలిసే మొదటి గుర్తు మెడలో గడ్డే అవుతుంది.

గడ్డ ఎక్కడుందో చూస్తే వెతుకులాట ఎటు సాగాలో కొంత తెలుస్తుంది. చుబుకం కింద ఉంటే పెదవి, నాలుక కింది భాగం. దవడ మూల కింద ఉంటే టాన్సిల్, నాలుక మొదలు, గొంతు. మెడ వెనక వైపు ఉంటే ముక్కు వెనక భాగం. కాలర్ ఎముక పైన ఉంటే ఊపిరితిత్తులు, ఎడమ వైపైతే కడుపు కూడా. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు ఉన్న ఆడవాళ్ళలో అంగిలి మీద క్యాన్సర్ వస్తుంది. కాబట్టి పొగ ప్రశ్న ఆడవాళ్ళనూ అడగాలి, కట్టుడు పళ్ళుంటే తీయించి అంగిలి చూడాలి. మొహమాటం కొద్దీ ఆ ప్రశ్న అడగకుండా వదిలేయడం నాకు ఎంతమాత్రం నచ్చని విషయం.

ఇదంతా నడిచే తీరు తెలియడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు యాభై ఆరు, లారీ మెకానిక్. ముప్ఫై ఏళ్లుగా రోజుకో కట్ట బీడీలు. కుడి దవడ మూల కింద మూడు సెంటీమీటర్ల గడ్డ, రెండు నెలలుగా ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వారం రోజులు యాంటీబయోటిక్ ఇచ్చాడు. కొంచెం తగ్గినట్టనిపించి మళ్ళీ మునుపటిలాగే అయింది. ఇంకో వారం ఇంకో మందు. ఆ తర్వాత ఎవరో ‘ఇది టీబీ బిళ్ళ, ఆరు నెలలు మందులు వాడు’ అన్నారు.

ఇక్కడే కాలం చేజారుతుంది. ఎరుపు, నొప్పి, జ్వరం లాంటి గుర్తులుంటేనే యాంటీబయోటిక్‌కు అర్థం ఉంది. ఇచ్చినా ఒక్క కోర్సే ఇచ్చి, రెండు వారాల్లో మళ్ళీ చూడాలి. పూర్తిగా పోకపోతే పరీక్షలకు వెళ్ళాలి. గడ్డలో క్యాన్సర్‌తో పాటు కొంత వాపు కూడా ఉంటే మందుకు ఆ వాపు మాత్రం తగ్గి, గడ్డ చిన్నబడినట్టు కనిపిస్తుంది. కాబట్టి ‘కొంచెం తగ్గింది’ అన్నది ధైర్యం చెప్పే మాట కాదు. మన దగ్గర టీబీ గడ్డలు నిజంగానే ఎక్కువ, పల్లెల్లో గండమాల అనేది వాటినే. అంతమాత్రాన అంచనా మీద మందులు మొదలుపెట్టకూడదు. టీబీ అవునో కాదో తేల్చే దారి కూడా అదే సూది పరీక్ష. తీసిన పదార్థంలో టీబీ క్రిమి కోసం రంగు వేసి చూడవచ్చు, జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంలో పెట్టి పరీక్షించవచ్చు.

మన మెకానిక్ చివరికి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి చేరాడు. గొంతు బొంగురు పోయిందా, మింగుడు పడటం కష్టంగా ఉందా, ఉమ్మిలో రక్తం పడిందా, బరువు తగ్గావా అని ఆమె వరసగా అడిగింది. ‘చెవి పోటు ఉందా?’ అన్న ప్రశ్నకు అతను ఆశ్చర్యపోయాడు. కుడి చెవి నెల రోజులుగా లాగుతోంది, చుక్కల మందు వేసుకున్నా తగ్గలేదు. గొంతుకూ చెవికీ కబురు మోసే నరాలు కొన్ని ఒకటే కాబట్టి, గొంతులోని పుండు నొప్పి చెవిలో ఉన్నట్టు తోస్తుంది. చెవిలో ఏ లోపమూ లేకుండా, గడ్డ ఉన్న వైపే చెవి పోటు ఉండటం గట్టి సూచన. ఆమె చేతికి తొడుగు వేసుకుని నాలుక మొదలు, టాన్సిల్ వేలితో తడిమి చూసింది. ముక్కు గుండా సన్నని గొట్టం కెమెరా పంపి గొంతంతా చూసింది. గడ్డ గుండెతో పాటు కొట్టుకుంటోందేమో కూడా పరిశీలించింది. కొట్టుకునే గడ్డ పెద్ద రక్తనాళానికి సంబంధించినది కావచ్చు, దాన్ని స్కానింగ్ చేయకుండా సూదితో ముట్టుకోకూడదు.

తర్వాత ఎఫ్‌ఎన్‌ఏసీ. మామూలు ఇంజెక్షన్ సూదంత సన్నని సూది, 23 నుంచి 25 గేజిది, పది మిల్లీలీటర్ల సిరంజికి అమర్చి గడ్డలోకి పంపుతారు. పిస్టన్ వెనక్కి లాగి పట్టుకుని, సూదిని లోపలే వేర్వేరు దిశల్లో ముందుకూ వెనక్కూ కదిలిస్తారు. గడ్డలోని కణాలు రాలి సూది గొట్టంలోకి వస్తాయి. బయటికి తీసే ముందు పిస్టన్ వదిలేయాలి. వదలకపోతే వచ్చిన కొద్ది కణాలు సిరంజిలోకి పోయి చెదిరిపోతాయి. వాటిని గాజు పలకల మీద పరిచి, కొన్నిటిని వెంటనే ఆల్కహాల్‌లో ముంచుతారు, కొన్నిటిని గాలికి ఆరనిస్తారు. ఆ రెండిటికీ వేసే రంగులు వేరు. ఆల్కహాల్‌లో పడాల్సిన పలక కాస్త ఆలస్యమైనా కణాలు ఎండి ముడుచుకుపోతాయి, చూసేవాళ్ళు ఏమీ చెప్పలేరు. సాధారణంగా రెండు మూడు సార్లు పొడుస్తారు. మత్తు అక్కర్లేదు, పరగడుపున రానక్కర్లేదు, నొప్పి రక్తం తీసినప్పటంతే. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పాలి.

‘సూది పెడితే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. ఇంత సన్నని సూది దారిలో క్యాన్సర్ నాటుకోవడం చాలా చాలా అరుదు. నిజంగా భయపడాల్సింది తొందరపడి కత్తి పెట్టడానికి. ఎక్కడ పుట్టిందో తెలియకుండా ముందే గడ్డ కోసి తీస్తే, క్యాన్సర్ కణాలు గాయంలో చెదిరే ప్రమాదం ఉంది. చుట్టుపక్కల పొరలన్నీ మచ్చకట్టి అతుక్కుంటాయి. తర్వాత జరిగే పెద్ద ఆపరేషన్‌లో ఆ మచ్చను కూడా తీయాల్సి వస్తుంది. ఇంత చేసినా అసలు పుండు గొంతులో అలాగే ఉంటుంది. న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ 1930లో సూదితో గడ్డల కణాలు తీసే పద్ధతిని ప్రచురించారు. మెడ గడ్డను తొందరపడి కోయవద్దని మార్టిన్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పోరాడాడు. వాళ్ళు వాడింది ఇప్పటి సూది కన్నా చాలా లావైనది.

మెకానిక్ గడ్డ నుంచి మొదటిసారి గోధుమ రంగు నీరు వచ్చింది. రిపోర్టులో ‘తిత్తిలోని ద్రవం, క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అని ఉంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. పుట్టుకతో వచ్చే నీటి తిత్తి మెడలో ఉంటుంది గానీ, అది సాధారణంగా చిన్న వయసులో బయటపడుతుంది. యాభై ఆరేళ్ల పొగరాయుడిలో కొత్తగా వచ్చిన నీటి గడ్డ చాలాసార్లు లోపల కుళ్ళిన క్యాన్సర్ గ్రంథే. సూది నడిమి నీటిలో పడితే జీవం ఉన్న కణాలు దొరకవు, అవి గోడలో ఉంటాయి. వారంలోగా స్కానింగ్‌లో చూస్తూ గడ్డ మందపాటి గోడలోకి సూది పంపారు. ఈసారి జవాబు స్పష్టంగా వచ్చింది: స్క్వామస్ సెల్ కార్సినోమా, వేరే చోటి నుంచి వచ్చి చేరినది.

ఈ పరీక్ష గురించి నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. క్యాన్సర్ కణాలు కనిపించాయంటే ఆ మాటను నమ్మవచ్చు. కనిపించలేదంటే మాత్రం ఆ సూది కొన తాకిన చోట లేవని మాత్రమే అర్థం. ‘సరిపడా కణాలు లేవు’ అంటే పరీక్ష జరగనట్టే లెక్క, మళ్ళీ చేయించాలి. రెండుసార్లూ తేలకపోతే స్కానింగ్ సాయంతో కాస్త లావు సూదితో చిన్న ముక్క తీస్తారు. కణాలు లింఫోమాలా ఉన్నాయంటే దారి మారుతుంది. ఆ జబ్బు రకం తేల్చడానికి విడి కణాలు చాలవు, గ్రంథి అమరిక కావాలి. అప్పుడు గ్రంథిని తీసి పరీక్షించడమే సరైన పని.

సూది మంచి కబురు కూడా తెస్తుంది. చెవి తమ్మె కింద, దవడ మూల దగ్గర మెత్తని గడ్డ పొగ తాగేవారిలో తరచుగా వస్తుంది. పేరు వార్తిన్ కణితి, లాలాజల గ్రంథిలో పుడుతుంది, ఒక్కోసారి రెండు వైపులా ఉంటుంది. అది క్యాన్సర్ కాదు. పెద్దగా ఇబ్బంది లేకపోతే ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండిపోవచ్చు.

మెకానిక్‌కు మెడకూ ఛాతీకీ మందు ఎక్కించి సీటీ తీశారు. స్వరపేటిక పక్క గుంటలో, కెమెరాకు మొదట మడతలో దాగిన చోట, చిన్న పుండు తేలింది. మత్తు ఇచ్చి గొట్టం వేసి దాని నుంచి ముక్క తీశారు. సీటీలో కూడా ఏమీ కనిపించని వారికి పెట్ స్కాన్ చేస్తారు, అదీ ముక్కలు తీయకముందే, ఎందుకంటే ముక్క తీసిన గాయం కూడా ఆ స్కాన్‌లో వెలిగి తప్పుదారి పట్టిస్తుంది. అయినా దొరకకపోతే టాన్సిల్ తీసి పొరపొరగా చూస్తారు. పుండు పుట్టిన చోటు తెలిస్తేనే రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో, ఎంత మేర కోయాలో నిర్ణయించగలరు. ఒక్క గ్రంథికే పరిమితమైన దశలో దొరికితే నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స చేస్తారు.

ఊళ్లో పరీక్ష చేయించుకుని హైదరాబాదో విశాఖో వెళ్ళేవాళ్ళు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తారు. ల్యాబ్‌లో అడిగి ఆ గాజు పలకలు కూడా తీసుకోవాలి, మిగిలిన కణాలను మైనంలో భద్రపరిచి ఉంటే ఆ దిమ్మె కూడా. పెద్దాస్పత్రి పెథాలజిస్టు వాటిని తన కళ్ళతో మళ్ళీ చూస్తారు. టాన్సిల్ నుంచి వచ్చినట్టు అనుమానం ఉంటే వైరస్ జాడ చెప్పే పీ16 రంగు పరీక్షను ఆ దిమ్మె మీదే చేయవచ్చు, మెడలో మరోసారి పొడవాల్సిన పని తప్పుతుంది.