టెండర్‌లో సందేహం అడిగే పద్ధతి

జిల్లా ఆసుపత్రి 20 స్ప్లిట్ ఏసీలకు టెండర్ పిలిచిందనుకుందాం. ‘ఇన్‌స్టలేషన్‌తో సహా’ అన్న ఒక్క మాట తప్ప రాగి పైపు ఎంత పొడవు కావాలో పత్రంలో ఎక్కడా లేదు. మామూలుగా ఏసీతో 3 మీటర్ల పైపే ఇస్తారు, ఆపైన మీటరు లెక్కన డబ్బు కట్టాలి. అవుట్‌డోర్ యూనిట్లు డాబా మీద పెడితే ఒక్కోదానికి 12 మీటర్లు పట్టవచ్చు. అంటే 9 మీటర్లు అదనం, మొత్తం మీద 180 మీటర్లు. దీన్ని కలిపి ధర వేసినవాడు టెండర్ పోగొట్టుకుంటాడు, కలపనివాడు గెలిచాక బిల్లు దగ్గర గొడవ పడతాడు.

‘ఇన్‌స్టలేషన్ గురించి వివరించగలరు’ అని అడిగితే ‘టెండర్ నిబంధనల ప్రకారం’ అని జవాబు వస్తుంది. తప్పు చాలావరకు ప్రశ్నదే. పేజీ, క్లాజు నంబరు చెప్పి, అక్కడున్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి, ఇలా అడగాలి: ‘ధరలో ఒక్కో ఏసీకి 3 మీటర్ల పైపు మాత్రమే కలపాలా, లేక ఎంత పొడవైనా కలపాలా? మొదటిదైతే, అదనపు పైపుకు బీవోక్యూలో మీటరు రేటు వరుస చేరుస్తారా?’ అధికారి రెండింటిలో ఒకటి ఎంచుకుంటే చాలు. ఒక ప్రశ్నలో ఒకటే అంశం మీద సందేహం ఉండాలి. రెండు అంశాలు కలిపితే జవాబు ఒకదానికే వస్తుంది.

ప్రశ్నను అందరూ చదువుతారని గుర్తుంచుకోవాలి. ప్రపంచ బ్యాంకు ప్రామాణిక బిడ్ పత్రాల ప్రకారం ప్రశ్న సారాంశం, జవాబు పత్రాలు తీసుకున్న వాళ్లందరికీ వెళ్తాయి, ఎవరు అడిగారన్నది మాత్రం చెప్పరు. అందుకే మీ బ్రాండు, రేటు, పని చేసే పద్ధతి ప్రశ్నలో బయటపడకూడదు. కొనేవాళ్లు కూడా ఒక్కరికే ఫోన్లో చెప్పకూడదు. పైపు సంగతి ఒక్కరికే తెలిస్తే మిగతావాళ్లు వేసిన ధరలు అసలు పోల్చదగినవే కావు. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

ప్రీబిడ్ మీటింగ్‌లో అధికారి నోటిమాటగా ‘3 మీటర్లే’ అన్నా, అది మినిట్స్‌లోనో కొరిజెండంలోనో రాతగా వచ్చేదాకా దానిమీద ధర కట్టకండి. సందేహాలు పంపే గడువు టెండర్ పత్రంలోనే ఉంటుంది, బిడ్ గడువు కంటే చాలా ముందే ముగుస్తుంది. పత్రం దించుకున్న రోజే ఆ తేదీ చూసుకోవాలి. అది దాటాక ‘3 మీటర్లే అనుకుని వేశాం’ అని బిడ్‌లో రాస్తే షరతుతో కూడిన బిడ్‌గా తిరస్కరించవచ్చు.

జవాబు వచ్చాక కూడా ఒకటి చూడాలి. మీటరు రేటు వరుస చేర్చారంటే పోర్టల్లో కొత్త బీవోక్యూ ఫైలు పెడతారు. ముందే దించుకున్న పాత ఫైలులో రేట్లు నింపి పంపితే బిడ్ చెల్లకపోవచ్చు. బిడ్ సమర్పించేముందు కొరిజెండాల పేజీ తెరిచి, మీ దగ్గరున్న ఫైలు చివరగా పెట్టినదేనా అని సరిచూసుకోండి.