ఇరవయ్యేళ్ల మీసం

మా బావగారికి 48 ఏళ్లు. పెద్దమ్మాయి పుట్టిన ఏడాది పెంచిన మీసం, 20 ఏళ్లుగా ముఖం మీదే ఉంది. పిల్లలిద్దరూ నాన్నని మీసం లేకుండా చూడనేలేదు. గత నెలలో మూడు ఆదివారాలు వరసగా కటింగ్ షాపుకి వెళ్లి, కుర్చీలో కూర్చుని, "మీసం ఇవాళ వద్దులే" అని లేచి వచ్చేశారు.

తీయాలన్న ఆలోచన సరదాకి వచ్చింది కాదు. తల కంటే ముందు ఆయనకి మీసం నెరిసింది. ఆరేళ్లుగా పది రోజులకోసారి నల్లరంగు వేస్తున్నారు. ఈమధ్య రంగు వేసిన మర్నాటికల్లా పైపెదవి దురద, రెండో రోజుకి ఎరుపు, వాపు, సన్నటి నీటి పొక్కులు. అమోనియా లేని రంగుకి మారారు. తగ్గలేదు. చర్మం డాక్టరు చెప్పిన కారణం విన్నాక అర్థమైంది. ఇబ్బంది అమోనియాతో కాదు, నల్లదనం కోసం చాలా రంగుల్లో కలిపే పీపీడీ అనే రసాయనంతో. అమోనియా లేకపోయినా అది ఉండొచ్చు. నల్ల హెన్నా పొడుల్లోనూ ఉండొచ్చు. ఏళ్ల తరబడి పడిన రంగు ఒకరోజు హఠాత్తుగా పడకపోవడం ఈ అలర్జీలో మామూలే. ఒకసారి వచ్చాక సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

ఇక మిగిలినవి రెండే దారులు: తెల్లమీసం, లేదా నున్నటి మూతి. తెల్లమీసం ఆయనకి మనసొప్పలేదు. తీద్దామంటే ఊళ్లో 79 ఏళ్ల తండ్రి ఉన్నారు. తండ్రి ఉండగా కొడుకు మీసం తీయకూడదని మా ఇళ్లలో పట్టింపు. తండ్రి పోయినప్పుడు కర్మ చేసే కొడుకు మీసం తీయించుకుంటాడు గనక, ముందే తీయడం అశుభమని భయం. తిరుపతిలో గుండు చేయించుకున్నప్పుడూ బావగారు మీసం జోలికి పోనివ్వలేదు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అది తండ్రి మీద ప్రేమే.

చివరికి అక్కయ్యే మామగారికి ఫోన్ చేసింది. ఆయన కొడుకుని పిలిపించి అడిగింది ఒక్కటే: "పుండు పడేదాకా రంగెందుకు వేశావురా? తీసెయ్యి."

పొక్కులు మానేదాకా పది రోజులు ఆగారు. పొడుగు మీసం మీద నేరుగా బ్లేడు పెడితే వెంట్రుక లాగి చర్మం తెగుతుంది. అందుకని ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించి, గోరువెచ్చని నీళ్లతో తడిపి, నురగ పట్టించి, కొత్త బ్లేడుతో పైనుంచి కిందికి తీశారు. ఎదురు గీయలేదు. ఎండ తగలని చోటు కాబట్టి అక్కడి చర్మం పాలిపోయి కనిపించింది, పైపెదవి పొడుగైనట్టు అనిపించింది. చిన్నవాడు రెండు రోజులు తండ్రి ముఖంకేసి చూసి నవ్వాడు.

మీసం రోజుకి సుమారు మిల్లీమీటరులో మూడోవంతు పెరుగుతుంది. ఆయన మళ్లీ పెంచాలనుకుంటే నెలకి సెంటీమీటరు వస్తుంది, తెల్లగానే. మీకూ రంగు వేశాక మీసం కింద దురద పెడితే ఇంకో కంపెనీ రంగు వెతక్కండి. ఆపేసి, చర్మం డాక్టరుకి చూపించండి.