లెక్కంతా కరెక్టే మామా, ఒక్క మైనస్ తప్ప

ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదివిన ఎవరికైనా ఈ లెక్క తగిలే ఉంటుంది. మేడ మీద నిలబడి ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది పైకెళ్లి, కిందికి వచ్చేటప్పుడు మేడ అంచును దాటుకుని నేల మీద పడింది. విసిరినప్పటి నుంచి నేలను తాకే వరకు ఎంతసేపు పట్టింది? ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో ఆ మేడ ఎత్తు 25 మీటర్లు. గురుత్వ త్వరణం 10 అనుకోమంటారు. జవాబు 5 సెకన్లు. లెక్చరర్లు క్లాసులో చేయించేటప్పుడు ఆ 25ని మార్చి ఇస్తుంటారు. మన లెక్కలో 15 మీటర్లు అనుకుందాం.

ఒక కుర్రాడు రాత్రి కూర్చుని ఈ లెక్క చేశాడు. నోట్సు ఫోటో తీసి, "చూడరా, కరెక్టేనా?" అని పక్క బెంచీ స్నేహితుడికి పంపాడు. పేజీలో ఉన్నది ఇది:

```
s = ut + ½at²
15 = 20t − 5t²
t² − 4t + 3 = 0
t = 1, t = 3
```

కింద ఒక వాక్యం కూడా రాశాడు: "1 సెకను దగ్గర బంతి ఇంకా పైకే పోతుంటుంది, కాబట్టి అది కుదరదు. జవాబు 3 సెకన్లు." చూడ్డానికి ఎంత బాగుందో గమనించండి. సూత్రం సరైనది. గురుత్వ త్వరణానికి మైనస్ పెట్టాడు. వర్గ సమీకరణాన్ని తప్పులేకుండా విప్పాడు. వచ్చిన రెండు జవాబుల్లో ఒకదాన్ని కారణం చెప్పి మరీ తీసేశాడు. అయినా 3 తప్పు. అసలు జవాబు 4.65 సెకన్లు. రెండో వరుసలో 15 ముందు పడాల్సిన మైనస్ పడలేదు, అంతే.

ఇప్పుడు ఆ స్నేహితుడు ఏమని బదులివ్వాలి? "ఆన్సర్ తప్పురా" అంటే చేసినవాడు పేజీ మొత్తాన్ని అనుమానిస్తాడు. బాగున్న సూత్రాన్ని కూడా కొట్టేసి వేరేది వెతుక్కుంటాడు. "సైన్ మిస్టేక్ ఉంది" అంటే కాస్త నయమే గానీ, అదీ చాలదు. ఆ ఒక్క వరుసలోనే గుర్తు మారగల చోట్లు మూడున్నాయి: స్థానభ్రంశం, తొలివేగం, త్వరణం. తప్పు ఎక్కడో చెప్పకపోతే కుర్రాళ్లు ఎక్కువగా చెయ్యి పెట్టేది త్వరణం మీదే. స్కూల్లో అందరూ బట్టీపట్టిన మాట ఒకటుంది కదా: "పైకైతే g మైనస్, కిందికైతే g ప్లస్." బంతి చివరికి కిందికే వచ్చింది కాబట్టి ప్లస్ పెట్టాలేమో అనుకుంటాడు. అలా మార్చేస్తే ఏమవుతుందో చేసి చూద్దాం.

```
15 = 20t + 5t²
t² + 4t − 3 = 0
t = −2 + √7 = 0.65
```

0.65 సెకన్లు! పైకి విసిరిన బంతి సెకను కూడా గడవకుండా నేలకు చేరిందట. ఇది కూడా ఒక లెక్కకు సరైన జవాబే. కాకపోతే బంతిని అదే వేగంతో కిందికి విసిరికొట్టిన లెక్కకు. ఈ వరుసలో అన్నీ ప్లస్‌లే కాబట్టి, కిందిదిక్కును ప్లస్‌గా తీసుకుని, బంతిని కిందికే విసిరినట్టయింది. గుర్తు తప్పు అంటే కూడికలో ఒకటి తగ్గడం లాంటిది కాదు. అది బంతిని వేరే దారి పట్టిస్తుంది. మొదటి జవాబు 3 సెకన్ల సంగతీ అంతే. బంతి మేడపైనుంచి 20 మీటర్ల ఎత్తు దాకా ఎగురుతుంది. వెళ్లేటప్పుడు 1 సెకను దగ్గర, దిగేటప్పుడు 3 సెకన్ల దగ్గర, మేడకు 15 మీటర్ల పైన ఉంటుంది. మనవాడు కనుక్కున్నది ఆ క్షణాల్నే. మేడ కింద 15 మీటర్లు అని అడిగితే, మేడ పైన 15 మీటర్లకు లెక్క కట్టాడు.

ఈ తప్పు ఎక్కడ పుడుతుందో ఊహించడం కష్టమేం కాదు. "15 మీటర్ల మేడ" అంటాం గానీ ఎవరూ "మైనస్ 15 మీటర్ల మేడ" అనరు. ఎత్తుకు మైనస్ ఉండదు. అయితే సూత్రంలో s అంటే ఎత్తు కాదు, స్థానభ్రంశం. మొదలైన చోటు నుంచి చూస్తే చివరికి ఏ పక్కన, ఎంత దూరంలో ఉంది అనేది. పైదిక్కును ప్లస్ అనుకున్నాక, మొదలైన చోటుకు కింద తేలిన బంతికి స్థానభ్రంశం −15 అయి తీరాలి. మధ్యలో అది 20 మీటర్లు పైకెగిరి వచ్చిన సంగతి s పట్టించుకోదు. త్వరణం విషయంలో ఆ బట్టీమాట ఇంకా ఇబ్బంది పెడుతుంది. బంతి పైకి పోతున్నా, కొసన క్షణం సేపు ఆగినా, కిందికి పడుతున్నా త్వరణం కిందికే ఉంటుంది. దారి మధ్యలో g గుర్తు మారదు. మారేది వేగం గుర్తు.

కాబట్టి పంపాల్సిన సందేశం ఇలా ఉంటే బాగుంటుంది:

"మామా, చూశాను. సూత్రం, g కి మైనస్, క్వాడ్రాటిక్ విప్పడం అన్నీ కరెక్టే. రెండో లైన్లో 15 ముందు మైనస్ పడాలి. నువ్వు పైకి ప్లస్ తీసుకున్నావు కదా, బంతి చివరికి మొదలైన చోటుకంటే 15 మీటర్లు కింద ఉంటుంది. ఒకటి ఆలోచించు, పైకెళ్లి మళ్లీ మేడ దగ్గరికి రావడానికే 4 సెకన్లు పడుతుంది. మరి 3 సెకన్లకే నేల మీదికి ఎలా వస్తుంది? ఆ ఒక్క గుర్తు మార్చి చెయ్యి, నాలుగుకి కొంచెం పైన వస్తుంది. g ని మాత్రం ముట్టుకోకు."

ఇందులో పొగడ్త లేదు, ఊరడింపూ లేదు. అయినా స్నేహంగానే ఉంది. ఏవి బాగున్నాయో పేరుపెట్టి చెప్పింది కాబట్టి వాటిని అతను మళ్లీ తవ్వుకోనక్కర్లేదు. తప్పు ఏ వరుసలో ఏ అంకె ముందో చెప్పింది. పూర్తి జవాబు చేతికివ్వలేదు, చివరి రెండు వరుసలు అతనికే వదిలింది. వీటన్నిటికంటే పనికొచ్చేది ఆ 4 సెకన్ల ప్రశ్న. సెకనుకు 20 మీటర్ల వేగం, సెకను సెకనుకు 10 చొప్పున తగ్గితే, 2 సెకన్లకు బంతి కొసకు చేరుతుంది. దిగిరావడానికి మరో 2. నేల దానికీ కిందనే ఉంది. ఇది చదివాక "నా జవాబు తప్పని నువ్వు చెబుతున్నావు" అనే మాటకు చోటుండదు. బంతే చెబుతోంది.

గుర్తు మార్చాక లెక్క ఇలా పోతుంది:

```
−15 = 20t − 5t²
t² − 4t − 3 = 0
t = 2 + √7 = 4.65
```

సరిచూసుకోవడానికి ఇక్కడ ఒక చక్కటి దారి ఉంది. 4 సెకన్లకు బంతి మేడ మట్టానికి వచ్చినప్పుడు దాని వేగం మళ్లీ 20, ఈసారి కిందికి. అక్కడి నుంచి అది కిందికి విసిరిన బంతితో సమానం. ఇందాక పొరపాటున వచ్చిన 0.65 సెకన్లు సరిగ్గా ఆ మిగతా దూరానికే. 4కి 0.65 కలిపితే 4.65. వేగంతోనూ చూడొచ్చు. మనవాడి 3 సెకన్లు నిజమైతే నేలను తాకే వేగం సెకనుకు 10 మీటర్లే అవుతుంది. మేడ దగ్గరే 20 ఉన్న బంతి ఇంకా కిందికి పడుతూ నెమ్మదించదు కదా. అసలు వేగం దాదాపు 26.5. (గాలి నిరోధాన్ని వదిలేశాం, పుస్తకాలూ వదిలేస్తాయి.)

సందేశం పంపేముందు చూసుకోవలసినది ఒకటుంది. అవతలివాడు కిందిదిక్కును ప్లస్‌గా తీసుకున్నాడేమో! అప్పుడు అతని పేజీలో 15 = −20t + 5t² అని ఉంటుంది. మన దగ్గర చాలామంది h = −ut + ½gt² అని నేర్చుకునేది దీన్నే. మన సమీకరణాన్ని −1తో గుణిస్తే వచ్చేది కూడా అదే, కాబట్టి అందులో తప్పేమీ లేదు. 15కి మైనస్ లేదని అక్కడ తప్పు పడితే, సరిగ్గా ఉన్న లెక్కను మనమే చెడగొట్టినవాళ్లమవుతాం. ఏ దిక్కును ప్లస్ అనాలన్నది చేసేవాడి ఇష్టం. అనుకున్నాక మూడు రాశులకూ అదే వర్తించాలి.

ఇలాంటి చిక్కు పై ఏడాది దాకా పోకుండానే ఇంకోచోట ఎదురవుతుంది. ఒక వాయువు వ్యాకోచించి 200 జౌళ్ల పని చేసిందంటే, ఫిజిక్స్ పుస్తకం ఆ పనిని +200గా రాస్తుంది, ఎందుకంటే అది వ్యవస్థ చేసిన పని. కెమిస్ట్రీ పుస్తకం వ్యవస్థ మీద జరిగిన పనిని లెక్కపెడుతుంది, కాబట్టి అక్కడ −200. ఫిజిక్స్‌లో ΔQ = ΔU + ΔW, కెమిస్ట్రీలో ΔU = q + w. ఫిజిక్స్ సూత్రంలో కెమిస్ట్రీ −200 వేసినవాడికి పంపే సందేశంలో "గుర్తు తప్పు" అనడం కన్నా "ఈ సూత్రానికి ఆ గుర్తు కాదు" అనడం సబబు.

మళ్లీ మేడ దగ్గరికి. పుస్తకంలోని 25 మీటర్లతోనే ఇదే తప్పు చేస్తే ఏమవుతుంది? t² − 4t + 5 = 0 వస్తుంది. విచక్షణి −4. వాస్తవ మూలాలు లేవు, లెక్క అక్కడే ఆగిపోతుంది. బంతి 20 మీటర్లకు మించి ఎగరదు కాబట్టి 25 మీటర్ల పైన ఎప్పుడుంటుందని అడిగితే గణితం ఒప్పుకోదు. కుర్రాడు వెనక్కెళ్లి తప్పు తానే పట్టుకుంటాడు. 15 మీటర్లతో అయితే ఏ హెచ్చరికా ఉండదు, 1, 3 అని ముచ్చటైన అంకెలు వచ్చేస్తాయి. బహుళైచ్ఛిక ప్రశ్నలో ఆ 3 ఒక ఐచ్ఛికంగా కూర్చుంటే చెప్పనే అక్కర్లేదు. జేఈఈ మెయిన్‌లో అలాంటి తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడా ఉంది. అందుకే లెక్చరర్లకు ఒక విన్నపం: ఈ లెక్కను 25 మీటర్లతో చెప్పి వదిలేయకండి. బంతి ఎగరగల ఎత్తుకంటే పొట్టి మేడతో కూడా ఒకసారి చేయించండి.