గళ్ళ పటంలోంచి లేచే గోడలు

1992 మే 5న విడుదలైన వోల్ఫెన్‌స్టైన్ 3డి ఆటలో ఆటగాడు జైలు గదుల మధ్య నడవాల్లో పరుగెత్తుతాడు. మలుపు తిరిగితే గోడలు కూడా తిరుగుతాయి, దగ్గరికి వెళ్తే పెద్దవవుతాయి. అయినా ఆ ఆటలో మూడో పరిమాణం ఎక్కడా లేదు. కంప్యూటర్ దగ్గర ఉన్నదల్లా 64 నిలువులు, 64 అడ్డాలు ఉన్న గళ్ళ పటం. ఒక్కో గడిలో ఒక్కో అంకె ఉంటుంది. గోడ ఉందా, ఖాళీయా, తలుపా అన్నది ఆ అంకె చెబుతుంది. గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపినట్టు గీసిన ఈ పటాన్ని నడవాగా చూపించే పద్ధతి పేరు రేకాస్టింగ్. ఐడి సాఫ్ట్‌వేర్‌లో జాన్ కార్మాక్ ఈ ఆట ఇంజిన్ రాసేనాటికి చాలామంది ఇళ్ళలో ఉన్నవి 286, 386 ప్రాసెసర్లు. త్రిమితీయ బొమ్మను ముఖాలుగా విడదీసి, ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకుని, ఒక్కో చుక్కా నింపడం వాటి శక్తికి మించిన పని. అందుకే ఇంజిన్ ఆ ప్రశ్న జోలికే పోలేదు.

దాని ఎత్తు చాలా సాదా. తెర వెడల్పు 320 పిక్సెళ్ళు అనుకుందాం. అంటే తెరలో 320 నిలువు పట్టీలు ఉన్నట్టు. ఒక్కో పట్టీకి ఆటగాడి కంటి నుంచి ఒక కిరణం పటం మీద బయల్దేరుతుంది. అది మొదట తగిలిన గోడ ఎంత దూరంలో ఉందో తెలిస్తే ఆ పట్టీలో గోడ ఎంత ఎత్తు గీయాలో తెలిసిపోతుంది. గోడలన్నీ ఒకే ఎత్తు, నేలంతా ఒకే మట్టం కాబట్టి పట్టీలో పైన కప్పు, మధ్యలో గోడ, కింద నేల తప్ప ఇంకేమీ ఉండదు. తెర మీద 64 వేల చుక్కలున్నా లెక్క వేయాల్సింది 320 సార్లే.

కిరణం గోడను ఎలా కనిపెడుతుందో ఒక చిన్న పటం మీద చూడవచ్చు. చుక్క ఉన్నచోట ఖాళీ, `#` ఉన్నచోట గోడ.

```
########
#......#
#..##..#
#......#
#......#
########
```

అడ్డు వరుసలను పై నుంచి, నిలువు వరుసలను ఎడమ నుంచి, రెండిటినీ సున్నా నుంచి లెక్కపెడదాం. ఆటగాడు 4వ అడ్డు వరుస, 1వ నిలువు వరుస కలిసే గడికి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. అంటే అతని స్థానం `x = 1.5`, `y = 4.5`. ముఖం కుడివైపుకి ఉంది. అతని చూపు పరిధి 90 డిగ్రీలు. అతని కిరణాల్లో ఒకదాన్ని పట్టుకుందాం. అది ఒక గడి పొడవు సాగితే 0.8 గడి కుడికి, 0.6 గడి పైకి జరుగుతుంది.

ఈ కిరణం గళ్ళ మధ్య గీతలను మాత్రమే దాటాలి, ఇంకెక్కడా ఆగనక్కర్లేదు. కుడివైపు మొదటి నిలువు గీత అర గడి దూరంలో ఉంది. దాన్ని అందుకోవడానికి కిరణం 0.5 ÷ 0.8, అంటే 0.625 పొడవు సాగాలి. ఆ తర్వాత ప్రతి నిలువు గీతకూ 1.25 చొప్పున కలుపుకుంటూ పోతే చాలు. పైనున్న మొదటి అడ్డ గీత 0.5 ÷ 0.6, అంటే సుమారు 0.83 దూరంలో ఉంది. దానికి తర్వాతి అంతరం 1.67. ఇక చేయవలసిందల్లా రెండు దూరాల్లో ఏది చిన్నదో చూసి, ఆ గీత దాటి, కొత్త గడిలో గోడ ఉందేమో చూడడమే.

```
while grid[row][col] != '#':
    if dist_x < dist_y:
        dist, dist_x = dist_x, dist_x + 1.25
        col += 1
    else:
        dist, dist_y = dist_y, dist_y + 1.67
        row -= 1
```

కిరణం మొదట 0.625 దగ్గర నిలువు గీత దాటి పక్క గడిలోకి వెళ్తుంది. అది ఖాళీ. 0.83 దగ్గర అడ్డ గీత దాటి పై వరుసలోకి వెళ్తుంది. అదీ ఖాళీయే. 1.875 దగ్గర మళ్ళీ నిలువు గీత. 2.5 దగ్గర అడ్డ గీత దాటగానే చేరిన గడి 2వ అడ్డు వరుసలో 3వది, అంటే పటం మధ్యలో ఉన్న జంట గోడలో మొదటిది. నాలుగు అడుగుల్లో పని ముగిసింది. తగిలిన చోటు `x = 3.5`, `y = 3.0`. ఈ పద్ధతిలో కిరణం ఏ గడినీ వదిలిపెట్టదు. కిరణాన్ని పదో వంతు గడి చొప్పున జరిపి చూస్తే సరిపోదా అని మొదటిసారి రాసేవారికి తోస్తుంది. చాలావరకు సరిపోతుంది కూడా. కానీ ఏటవాలుగా వచ్చిన కిరణం గోడ మూలను రెండు అడుగుల మధ్యలో దూకి వెళ్ళిపోతుంది. అప్పుడు మూల అంచున సన్నని చీలికలోంచి వెనక గది కనిపిస్తుంది. నడుస్తుంటే ఆ చీలిక మిణుకుమిణుకుమంటుంది.

ఇప్పుడు ఎత్తు. ఆటగాడు 90 డిగ్రీల మేర చూస్తున్నాడంటే, ఒక గడి దూరంలో అతనికి ఎడమకొక గడి, కుడికొక గడి కనిపిస్తాయి. తెర సగం 160 పిక్సెళ్ళు కాబట్టి ఆ దూరంలో ఒక గడి 160 పిక్సెళ్ళంత. దూరం రెట్టింపైతే సగం. గోడ ఎత్తు ఒక గడి అనుకుంటే, తెర మీద దాని ఎత్తు 160ని దూరంతో భాగిస్తే వస్తుంది. దూరం 2.5 కదా, 64 పిక్సెళ్ళు గీసేద్దామా? గీయకూడదు. ఈ సాంకేతికతలో అందరూ తొక్కే గుంట ఇదే.

ఆటగాడు రెండు గళ్ళ దూరంలో ఉన్న పొడవాటి గోడను ఎదురుగా చూస్తున్నాడనుకుందాం. మధ్య కిరణం పొడవు 2, కాబట్టి ఎత్తు 80. చూపు అంచున 45 డిగ్రీల కిరణం అదే గోడను చేరడానికి 2.83 గళ్ళు ప్రయాణిస్తుంది. ఆ పొడవుతో భాగిస్తే ఎత్తు 57కి పడిపోతుంది. తిన్నగా ఉండాల్సిన గోడ మధ్యలో ఉబ్బి, అంచుల్లో కుంచించుకుపోయి, గాజు గోళీలోంచి చూసినట్టు కనిపిస్తుంది. దీన్ని చేపకన్ను దోషం అంటారు. గోడ ఎత్తును నిర్ణయించేది కిరణం పొడవు కాదు, ఆటగాడు చూస్తున్న దిశలో గోడ ఎంత లోతుగా ఉందన్నది. కిరణం పొడవును, అది చూపు దిశతో చేసే కోణపు కొసైన్‌తో గుణిస్తే ఆ లోతు వస్తుంది. మన కిరణం కొసైన్ 0.8. 2.5 × 0.8 = 2. కాబట్టి సరైన ఎత్తు 80 పిక్సెళ్ళు. 200 ఎత్తున్న తెరలో 60వ పిక్సెల్ నుంచి 140 వరకు గోడ, పైన కప్పు రంగు, కింద నేల రంగు. ఇదంతా ఎడమ నుంచి 40వ పట్టీలోకి వెళ్తుంది.

ఈ సవరణ చేశాక కూడా గోడ కొద్దిగా వంగినట్టు కనిపిస్తే తప్పు ఇంకోచోట ఉంటుంది. 90 డిగ్రీలను 320తో సమానంగా భాగించి, కిరణానికి 0.28 డిగ్రీల చొప్పున పంచి ఉంటారు. తెర చదునుగా ఉంటుంది, గుండ్రంగా కాదు. మధ్యలో ఒక పిక్సెల్ సుమారు 0.36 డిగ్రీలను కప్పితే, అంచున 0.18 మాత్రమే కప్పుతుంది. కిరణాలను కోణం లెక్కన కాక తెర మీది పిక్సెల్ స్థానం లెక్కన పంపాలి.

ఇక గోడకు ఇటుకలు, రాళ్ళు అంటించడం. మన కిరణం గోడను `x = 3.5` దగ్గర తాకింది. అంటే ఆ గడి వెడల్పులో సరిగ్గా సగం దగ్గర. గోడ బొమ్మ 64 × 64 పిక్సెళ్ళు, కాబట్టి అందులో 32వ నిలువు వరుసను తీసుకుని, 64 చుక్కలను 80కి సాగదీసి గీస్తే సరి. ఒక పట్టీకి బొమ్మలోంచి ఒక్క నిలువు వరుసే అవసరం కాబట్టి వోల్ఫెన్‌స్టైన్‌లో బొమ్మలను అడ్డంగా కాక నిలువు వరుసలుగానే మెమరీలో పేర్చారు. సాగదీయడానికి కార్మాక్ చేసిన ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. ప్రతి పిక్సెల్‌కీ లెక్క వేయడం మాని, వేర్వేరు ఎత్తులకు వేర్వేరు యంత్రభాషా తునకలను ఆట ముందుగానే తయారుచేసుకుంటుంది. 80 ఎత్తు కావాలంటే ఏ చుక్కను ఎన్నిసార్లు ఎక్కడ రాయాలో ఆ ఎత్తు తాలూకు తునకకు ముందే తెలుసు. దశాంశాల లెక్కకు కోప్రాసెసర్ లేని ఆ యంత్రాల కోసం దూరాలన్నీ పూర్ణాంకాలే. ఒక గడిని 65,536 భాగాలు చేసి లెక్కించారు. సైన్, టాంజెంట్ విలువలు పట్టికల్లో సిద్ధంగా ఉండేవి.

కిరణం దాటిన చివరి గీత నిలువుదా, అడ్డమా అన్న సమాచారం కూడా వృథా పోదు. ఒక దిక్కు గోడలకు వెలుతురు బొమ్మ, రెండో దిక్కు గోడలకు అదే బొమ్మ కాస్త మసకగా వాడతారు. ఇది లేకపోతే రెండు గోడలు కలిసే మూల కంటికి ఆనదు, నడవా మలుపు ఎక్కడుందో తెలియక ఆటగాడు గోడకు గుద్దుకుంటాడు. దీపం లేదు, నీడ లెక్క లేదు. అయినా చూసేవారికి వెలుతురు పడ్డట్టే ఉంటుంది.

తలుపులు గడి అంచున కాక మధ్యలో ఉంటాయి. తలుపు గడిలోకి వచ్చిన కిరణాన్ని ఇంజిన్ ఇంకో అర గడి ముందుకు నడిపించి, ఆ చోట తలుపు పక్కకు జరిగిపోయిందా, ఇంకా ఉందా అని చూస్తుంది. జరిగిపోతే కిరణం సాగిపోతుంది. శత్రువులు మాత్రం కిరణాలకు తగలరు. వాళ్ళు ఎప్పుడూ ఆటగాడివైపే తిరిగి ఉండే అట్టబొమ్మలు. గోడలు గీసేటప్పుడు ఒక్కో పట్టీలో గోడ ఎంత ఎత్తు వచ్చిందో ఇంజిన్ రాసిపెట్టుకుంటుంది. సైనికుడి బొమ్మను కూడా పట్టీలుగానే గీస్తుంది. ఆ పట్టీలో గోడ సైనికుడికంటే పొడవుగా ఉంటే, గోడే దగ్గరున్నట్టు లెక్క, ఆ పట్టీ వదిలేస్తుంది. సైనికుడు గోడ చాటునుంచి సగం తొంగిచూడడం వెనక ఉన్నది ఈ పోలికే.

ఇంత పొదుపుకి మూల్యం కూడా ఉంది. ఏటవాలు గోడ లేదు, మెట్లు లేవు, ఒక గది మీద ఇంకో గది లేదు, తల పైకెత్తి చూడడం లేదు. పటం అంచున గోడ పెట్టడం మరిచిపోతే కిరణం గళ్ళు అయిపోయాక కూడా ఆగదు, పటం బయటి మెమరీని గోడలనుకుని చదువుతుంది. విశాలమైన హాలులో కిరణాలు ఎక్కువ గళ్ళు దాటాలి కాబట్టి ఇరుకు నడవాలో కంటే లెక్క పెరుగుతుంది. ఇదే ఆటను సూపర్ నింటెండో యంత్రానికి మార్చేటప్పుడు ఆ నెమ్మది ప్రాసెసర్ మీద రేకాస్టింగ్ నడవలేదు. కార్మాక్ దాన్ని పక్కనపెట్టి, పటాన్ని ముందుగానే రెండేసి ముక్కలుగా చీల్చుకుంటూ పోయే బీఎస్పీ చెట్టు పద్ధతికి మారాడు. 1993 చివర్లో వచ్చిన డూమ్ కూడా ఆ చెట్టు మీదే నడిచింది, గోడలు ఏ కోణంలోనైనా నిలబడ్డాయి.